గృహప్రవేశం తేదీ పెట్టే ముందు మేస్త్రిని మూడు అంకెలు అడగండి

స్లాబ్ వేసిన రోజు సాయంత్రం, అందరూ బిర్యానీ తిని చేతులు కడుక్కుంటున్నప్పుడు, మేస్త్రిని "ఇంకెన్నాళ్లు పడుతుంది?" అని అడిగి చూడండి. "మూడు నెలల్లోపు తాళాలు మీ చేతిలో పెడతానండి" అంటాడు. మనం ఆ మాట పట్టుకుని పంతులుగారి దగ్గరికి వెళ్లి ముహూర్తం పెట్టించుకుంటాం, అద్దె ఇంటి ఓనరుకు ఖాళీ చేస్తామని చెప్పేస్తాం, అమెరికాలో ఉన్న తమ్ముడు టికెట్లు బుక్ చేసేసుకుంటాడు. మా ఇంటి పై అంతస్తుకు నేను సరిగ్గా ఇలాగే చేశాను, చివరికి తలుపు రెక్కల్లేని వంటగదిలో పాలు పొంగించాం, బాత్రూంకి దుప్పటి అడ్డం కట్టాం.

మేస్త్రి అబద్ధం చెప్పలేదు. ఒక్కో పనికీ ఎక్కువసార్లు ఎన్ని రోజులు పట్టిందో ఆ అంకె గుర్తుచేసుకుని, అన్నీ కలిపి చెప్పాడు. ఇబ్బంది ఎక్కడంటే, ఇంటి పని తొందరగా అయితే రెండు మూడు రోజులు ముందు అవుతుంది, ఆలస్యమైతే మాత్రం పదీ పదిహేను రోజులు జరుగుతుంది. ప్లాస్టరింగ్ 18 రోజుల పని అనుకుంటే అది 14కి దిగడం కష్టం, 34కి పోవడం తేలిక. ఈ ఒకవైపు వాలు ఒక్క అంకెలో కనపడదు. ఏడు పనులుంటే ఏడుసార్లు కనపడకుండా పోయి, చివర్లో అంతా కలిసి మన నెత్తిన పడుతుంది.

దీనికి వాడే పద్ధతి పాతదే. 1958 ప్రాంతంలో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి తయారుచేస్తున్నప్పుడు, అంతకుముందు ఎవరూ చేయని పనులకు తేదీలు ఎలా చెప్పాలో తెలియక ప్రతి పనికీ మూడు అంకెలు రాయడం మొదలుపెట్టారు: అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అడ్డంకులొస్తే ఎన్ని. ఆ పద్ధతికి పెర్ట్ అని పేరు. ప్రాజెక్టు ఆఫీసుల్లో ఈ మూడింటినీ ఆప్టిమిస్టిక్, మోస్ట్ లైక్లీ, పెసిమిస్టిక్ అంటారు. నేను ఇక్కడ ఆశ, మామూలు, గండం అని రాస్తాను. మేస్త్రితో మాట్లాడేటప్పుడు కూడా అవే పనికొస్తాయి.

ముందు పనిని ముక్కలు చేయండి, కానీ మరీ చిన్నవి వద్దు

స్లాబ్ పడిన దగ్గర్నుంచి పాలు పొంగించే దాకా నేను ఏడు ముక్కలు రాస్తాను. క్యూరింగ్ చేసి సెంట్రింగ్ విప్పడం, ఇటుక గోడలు, గోడలకు గాడి కొట్టి కరెంటు పైపులూ నీళ్ల పైపులూ వేయడం, ప్లాస్టరింగ్, టైల్స్, పుట్టీ పెయింటింగ్, చివరగా తలుపు రెక్కలూ స్విచ్చులూ కుళాయిలూ బిగించడం. ఒక్కో ముక్క ఒక వారం నుంచి మూడు వారాల పనిగా ఉంటే చాలు. "హాల్లో గోడ, బెడ్‌రూంలో గోడ" అని ముప్పై ముక్కలు చేస్తే మేస్త్రికి విసుగు పుడుతుంది, పైగా ఆ ముక్కలన్నీ ఒకే కారణంతో ఆలస్యమవుతాయి కాబట్టి లెక్క కూడా తప్పుతుంది. అదెందుకో కింద చెప్తాను.

ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా రాసుకోండి. "ప్లాస్టరింగ్ అయిపోయింది" అంటే మేస్త్రి దృష్టిలో చివరి తాపీ దెబ్బ పడటం. మీ దృష్టిలో అది నీళ్లు పట్టి ఆరి, పుట్టీ వాళ్లు గోడ ముట్టుకోగలిగే రోజు కావాలి. తడి గోడ మీద పుట్టీ పెడితే పొరలు లేచి వస్తుంది. ఈ ఆరే రోజులు ఎవరి లెక్కలోనూ లేకపోతే వారం రోజులు అక్కడే పోతాయి.

ఆశ అంకెకు ఒక నేల ఉంటుంది

ఆశ అంకె అంటే మేస్త్రి ధైర్యం కాదు. పని స్వభావమే అంతకంటే కిందికి దిగనివ్వని అంకె అది. సెంట్రింగ్ సంగతే చూడండి. కాంక్రీటుకు మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, ఓపీసీ అనే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు అయితే, స్లాబ్ కింద సపోర్టులు 4.5 మీటర్ల లోపు గదికి 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు తీయకూడదు. దూలాల కింద అయితే 6 మీటర్ల దాకా 14, ఆపైన 21. ఓపీసీ కాకుండా వేరే సిమెంటు వాడితే ఎన్నాళ్లు ఆగాలో ఇంజనీరును అడిగి రాసుకోండి. అంటే ఇంట్లో దూలం ఉంటే ఎంత మంది కూలీలను పెట్టినా మొదటి ముక్కకు ఆశ అంకె 14 కంటే తగ్గదు. మేస్త్రి "పది రోజుల్లో విప్పేద్దాం" అంటే అది ఆశ అంకె కాదు, ప్రమాదం.

మిగతా పనుల్లో కూడా ఇలాంటి నేల వెతకండి. పుట్టీ రెండు కోట్లు, ప్రైమర్, పెయింట్ రెండు కోట్లు, మధ్య మధ్యలో ఆరాల్సిన సమయం, ఇవన్నీ కూడితే వచ్చేదే ఆశ.

గండం అంకె అడగడంలోనే పనితనం ఉంది

ఈ పద్ధతి పనికిరాదని అన్నవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తప్పు చేశారు. "మామూలుగా ఎన్ని రోజులు?" అని ముందు అడిగి, "18" అని విన్నాక "మరి ఆలస్యమైతే?" అంటే, "మహా అయితే ఇరవై రెండండీ" అంటాడు. ముందు నోట్లోంచి వచ్చిన 18 చుట్టూనే మిగతావి తిరుగుతాయి. అందుకే గండం ముందు అడగండి, ఆశ తర్వాత, మామూలు చివర్లో. పైగా జరగబోయేది అడగొద్దు, జరిగింది అడగండి.

నేను రెండోసారి, మా పిన్ని వాళ్ల ఇంటికి, ఇలా అడిగాను: "మేస్త్రి గారూ, మీరు చేసిన ఇళ్లలో ప్లాస్టరింగ్ బాగా లాగింది ఏదో చెప్పండి."

కాసేపు ఆలోచించి, "చెరువు గట్టు దగ్గరిదండీ. నెల దాటింది."

"ఎందుకట?"

"మనోళ్లు ఊళ్లో పెళ్లికని పోయి పన్నెండు రోజులు రాలేదు. వచ్చాక ఇసుక లేదు. మళ్లీ నాలుగు రోజులు."

"మొత్తం?"

"ముప్పై నాలుగు, ముప్పై ఐదు ఉంటాయండి."

అదీ గండం అంకె. ముప్పై నాలుగు అని ఊహించి చెప్పమంటే ఎవరూ చెప్పరు, గుర్తు చేసుకోమంటే చెప్తారు. "ఇలాంటి ఇళ్లు ఇరవై చేస్తే వాటిలో ఒక్కటి దీనికంటే ఎక్కువ లాగుతుంది" అనిపించే చోట ఆపండి. తుఫాను, కోర్టు స్టే, పక్కింటివాళ్లతో గొడవ ఇందులో కలపకండి. అవి వస్తే తేదీ ఎలాగూ కొత్తగా వేసుకోవాల్సిందే, వాటిని కూడా కలిపితే ప్రతి పనికీ గండం ఆరు నెలలవుతుంది.

గండం అంకె కూడా చిన్నదే వస్తుందని చూపే ప్రయోగం ఒకటుంది. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు పరిశోధకులు కెనడాలో తమ థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎప్పటికి ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లని అడిగితే 49 దాకా వెళ్లారు. నిజంగా పట్టింది సగటున 55 రోజుల పైనే. అంటే భయపడి చెప్పిన అంకె కూడా నిజం కంటే తక్కువే. అందుకే మేస్త్రి చెప్పిన గండాన్ని, వీలైతే, ఆయన కట్టిన ఇంటి ఓనరు ఒకాయన్ని అడిగి సరిచూసుకోండి. ఓనర్లకు తేదీలు బాగా గుర్తుంటాయి.

ఇప్పుడు లెక్క

ఒక్కో పనికి సూత్రం ఇదీ: ఆశకు ఒక వంతు, మామూలుకు నాలుగు వంతులు, గండానికి ఒక వంతు, మొత్తం ఆరుతో భాగించాలి. ప్లాస్టరింగ్‌కి 14, 18, 34 అనుకుంటే 14 + 72 + 34 = 120, ఆరుతో భాగిస్తే 20. మేస్త్రి 18 అన్న పనికి మీరు 20 వేసుకుంటారు. రెండు రోజులే కదా అనిపిస్తుంది. పిన్ని వాళ్ల ఇంటికి మొత్తం ఇలా వచ్చింది. మీ ఇంటికి అంకెలు వేరుగా ఉంటాయి, వీటిని ఎత్తి రాసుకోకండి:

| పని | ఆశ | మామూలు | గండం | అంచనా | గండం − ఆశ |
|---|---|---|---|---|---|
| క్యూరింగ్, సెంట్రింగ్ విప్పడం | 14 | 16 | 24 | 17 | 10 |
| ఇటుక గోడలు | 10 | 14 | 30 | 16 | 20 |
| కరెంటు, నీళ్ల పైపులు | 5 | 7 | 15 | 8 | 10 |
| ప్లాస్టరింగ్, ఆరడం | 14 | 18 | 34 | 20 | 20 |
| టైల్స్ | 8 | 10 | 24 | 12 | 16 |
| పుట్టీ, పెయింట్ | 10 | 14 | 30 | 16 | 20 |
| తలుపులు, ఫిట్టింగులు | 4 | 6 | 20 | 8 | 16 |
| మొత్తం | 65 | 85 | 177 | 97 | |

మామూలు అంకెలు కూడితే 85, అంటే మేస్త్రి చెప్పిన "మూడు నెలల్లోపు". అంచనాలు కూడితే 97. ఒక్కో పనిలో రెండు రోజులుగా కనపడింది మొత్తంలో పన్నెండు రోజులైంది. ఈ 97 కూడా మాట ఇవ్వగలిగే తేదీ కాదు, దాదాపు సగం సార్లు దాటిపోయే తేదీ.

మాట ఇవ్వాలంటే అటూఇటూ ఎంత ఊగుతుందో తెలియాలి. గండాలన్నీ కూడితే 177 రోజులు, దాదాపు ఆరు నెలలు. కానీ ఏడు పనులూ ఒకేసారి చెడటం అరుదు, ఒకటి లాగితే ఇంకోటి కలిసొస్తుంది. అందుకే తేడాలను నేరుగా కూడకూడదు. ఒక్కో తేడాను వర్గం చేసి, ఆ వర్గాలు కూడి, వర్గమూలం తీసి, అప్పుడు భాగించాలి. ఇక్కడ వర్గాల మొత్తం 1912, మూలం 43.7. దాన్ని 3.2తో భాగిస్తే అటూఇటూ సుమారు 13.7 రోజులు.

పుస్తకాల్లో చాలాచోట్ల ఇక్కడ 6తో భాగించమని ఉంటుంది, 3.2 కాదు. ఈ తేడా పట్టించుకోవాలి. 6 అనేది, గండం అంకె దాదాపు ఎప్పుడూ దాటని అంకె అయితేనే సరిపోతుంది. మనం అడిగింది ఇరవైలో ఒకసారి దాటే గండం, కాబట్టి 3.2 తీసుకోవాలి. 6 పెడితే అటూఇటూ 7.3 రోజులే వస్తుంది, తేదీ చాలా గట్టిదని అనిపిస్తుంది, ఆ ధైర్యం మాత్రం ఉత్తదే.

చేతితో చేయక్కర్లేదు, ఎక్సెల్‌లో ఆశ, మామూలు, గండం B, C, D నిలువు వరసల్లో, రెండో అడ్డ వరస నుంచి రాసి, అంచనా E లో, తేడా F లో వేయండి:

```
E2:   =(B2+4*C2+D2)/6
F2:   =D2-B2
E9:   =SUM(E2:E8)
F9:   =SQRT(SUMSQ(F2:F8))/3.2
B11:  =NORM.DIST(88,E9,F9,TRUE)
B12:  =NORM.INV(0.9,E9,F9)
```

మొదటి రెండు సూత్రాలను ఎనిమిదో అడ్డ వరస దాకా కిందికి లాగండి. B11 లోది "88వ రోజుకల్లా అయ్యే అవకాశం ఎంత" అని అడుగుతుంది. B12 లోది "పదిసార్లకు తొమ్మిదిసార్లు అయ్యే రోజు ఏది" అని అడుగుతుంది.

ముహూర్తం ఎంచుకోవడం

పిన్ని వాళ్ల స్లాబ్ జనవరి 20న పడింది. పంతులుగారు రెండు తేదీలు చెప్పారు, ఏప్రిల్ 18, లేకపోతే మే 20. మేస్త్రి లెక్క ప్రకారం 85 రోజులంటే ఏప్రిల్ 15, మూడు రోజులు మిగిలినట్టే. బాబాయి ఏప్రిల్‌కే మొగ్గారు, నెల అద్దె మిగులుతుందని.

ఏప్రిల్ 18 అంటే 88వ రోజు. ఎక్సెల్ 0.26 చూపించింది, అంటే నాలుగుసార్లకు ఒకసారి. మే 20 అంటే 120వ రోజు, దానికి 0.95. పదిసార్లకు తొమ్మిదిసార్లు అయ్యే రోజు 115, మే 15.

ఇక్కడ ఎంత భరోసా కావాలన్నది మూడు అంకెలు చెప్పవు, ఆలస్యమైతే ఏం పోతుందో అది చెప్తుంది. ముందే అయిపోతే నెల అద్దె అదనం, అంతే. ఆలస్యమైతే కార్డులు పంచేశాక తేదీ మార్చాలి, పైగా వైశాఖ జ్యేష్ఠాలు దాటితే ఆషాఢం వస్తుంది, మూఢం కూడా తగిలితే మంచిరోజు దొరకడానికి ఇంకా ఆగాలి. ఇలా ఒకవైపు పోయేది చిన్నదీ ఇంకోవైపు పోయేది పెద్దదీ అయినప్పుడు 90 శాతం దగ్గర తేదీ పెట్టుకోవాలి. రెండువైపులా ఒకేలా ఉంటే 97వ రోజు పెట్టుకున్నా తప్పు లేదు. బాబాయి మే 20కి ఒప్పుకున్నారు, కానీ 0.95 చూసి కాదు, "నాలుగుసార్లకు మూడుసార్లు తప్పుతుంది" అన్న మాటకు.

లెక్క ఎక్కడ మోసం చేస్తుంది

రెండు చోట్ల.

మొదటిది, ఒకే మనిషి చేతిలో రెండు పనులు. వర్గాలు కూడటం అన్నది ఒక పని ఆలస్యానికీ ఇంకో పని ఆలస్యానికీ సంబంధం లేదన్న నమ్మకం మీద నిలబడింది. గోడలు కట్టేదీ ప్లాస్టరింగ్ చేసేదీ ఒకే మేస్త్రి, ఒకే బ్యాచ్ అయితే ఆ రెండూ కలిసే చెడతాయి. అలాంటప్పుడు ఆ రెండు తేడాలనూ ముందు కలిపేసి (20 + 20 = 40) ఒకే పనిగా వర్గం చేయండి. 1912 కాస్తా 2712 అవుతుంది, అటూఇటూ 16.3కి పెరుగుతుంది, 90 శాతం తేదీ 115 నుంచి 118కి జరుగుతుంది. మే 20కి ఇంకా సరిపోయింది, కానీ మిగులు అయిదు రోజుల నుంచి రెండుకు పడింది. మరీ చిన్న ముక్కలు చేయొద్దన్నది కూడా ఇందుకే. ఒకే బ్యాచ్ పనిని పది ముక్కలు చేసి వేరువేరుగా వర్గం చేస్తే అటూఇటూ కాగితం మీద తగ్గిపోతుంది, సైట్‌లో తగ్గదు.

రెండోది, పక్కన ఇంకో పని నడుస్తూ చివర్లో వచ్చి కలవడం. తలుపు రెక్కలు వడ్రంగి షెడ్డులో తయారవుతాయి, ఇంటి పనితో పాటే. వాటికి 40, 55, 100 అనుకుంటే అంచనా 60 రోజులు, అటూఇటూ దాదాపు 19. ఇంటి దగ్గర ఫిట్టింగులు మొదలవ్వాల్సింది 89వ రోజు. 60 ఎక్కడ, 89 ఎక్కడ, బోలెడు టైముంది కదా అని ఆర్డరు 25 రోజులు ఆలస్యంగా ఇచ్చారనుకోండి. తలుపులు 85కి వస్తాయి, ఇంకా నాలుగు రోజులు ముందే అనిపిస్తుంది. కానీ ఇల్లు 89కి సిద్ధమయ్యే అవకాశం సగం, తలుపులు 89కి వచ్చే అవకాశం పదింట ఆరు, రెండూ కలిసి జరగాలంటే ఈ రెండింటినీ గుణించాలి. పదింట మూడే. పైన పట్టికలో ఇది ఎక్కడా కనపడదు, ఎందుకంటే అది ఒకే వరస పనుల లెక్క. ఆర్డరు స్లాబ్ రోజే ఇస్తే తలుపుల అవకాశం పదింట తొమ్మిది దాటుతుంది, అప్పుడిక వాటి గురించి ఆలోచించే పని ఉండదు. మా ఇంట్లో పాలు తలుపుల్లేని వంటగదిలో పొంగింది ఈ ఒక్క కారణంతోనే.

ఒక్క అంకె చాలే చోట్లు

ప్రతిదానికీ మూడు అంకెలు అడుగుతూ కూర్చోకండి. ఒక గదికి రంగు వేయడానికి, ఎప్పుడూ వచ్చే పెయింటరు నాలుగు రోజులంటే నాలుగే రాసుకోండి, ఆరైనా ఏమీ మునిగిపోదు. గండానికీ ఆశకీ రెండు రోజుల తేడా కూడా లేని పనికి మూడు అంకెలు రాసినా వచ్చేది అదే సమాధానం. అలాగే ఒక బిల్డరు ఒకే ప్లానుతో పాతిక ఇళ్లు కట్టి, ప్రతి ఇంటికీ మొదలు చివర తేదీలు రాసిపెట్టుకుని ఉంటే, ఆ పాతిక తేదీలే మన ఊహలకన్నా మేలు, వాటినే వరసగా పేర్చి 90 శాతం ఎక్కడ పడుతుందో చూసుకోవచ్చు. మూడు అంకెలు గెలిచేది రికార్డు లేనప్పుడు, చేసే మనుషులు మనకు కొత్త అయినప్పుడు, పనులు ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉన్నప్పుడు, తేదీ తప్పితే వెనక్కి తీసుకోలేని ఖర్చు ఉన్నప్పుడు. గృహప్రవేశానికి ఈ నాలుగూ ఉన్నాయి.

గోడలు అయ్యాక మళ్లీ వేయండి

తేదీ పెట్టేశాక కాగితం మడిచి పెట్టేయకండి. ఒక్కో ముక్క అయిపోయినప్పుడల్లా, అయిన దానికి నిజంగా పట్టిన రోజులు రాసి, మిగిలిన ముక్కలకు మళ్లీ లెక్క వేయాలి. పిన్ని వాళ్ల ఇంట్లో సెంట్రింగ్, గోడలు రెండూ కలిపి 33 రోజులకు అవ్వాలి, 41 అయ్యాయి. మిగిలిన అయిదు పనుల అంచనా 64, అటూఇటూ 11.7. అంటే 105వ రోజు, మే 20కి 15 రోజుల మిగులు, అవకాశం 95 నుంచి 90కి దిగింది. ఇంతవరకూ పర్వాలేదు.

కానీ ఆ ఎనిమిది రోజులు ఎందుకు పోయాయో చూస్తే, బ్యాచ్‌లో ఇద్దరు తాపీవాళ్లు ఇంకో సైట్‌కి వెళ్లిపోయారు. ప్లాస్టరింగ్ చేయాల్సింది కూడా ఆ బ్యాచే. అందుకని ప్లాస్టరింగ్ అంకెలు పాతవే ఉంచకుండా 16, 22, 40 చేశాం. అంచనా 24 అయింది, మొత్తం 109వ రోజుకు జరిగింది, అవకాశం 81 శాతానికి పడింది. ఒక్క అంకెతో ఉండి ఉంటే "ఎనిమిది రోజులు లేటు, కవర్ చేసేద్దాం" అనుకునేవాళ్లం.

అదే రోజు సాయంత్రం బాబాయి మేస్త్రిని కూర్చోబెట్టి, బయటి గోడల ప్లాస్టరింగ్ వేరే బ్యాచ్‌కి ఇవ్వమని మాట్లాడారు, లోపలిది పాతవాళ్లే చేసేలా. కార్డులు అచ్చుకివ్వడం మాత్రం లోపల ప్లాస్టరింగ్ అయి, మళ్లీ లెక్క వేసే దాకా ఆపారు.